మన పేరుతో దొంగ ప్రొఫైల్ పెడితే: ఏ రుజువులు దాచుకోవాలి, ఎక్కడ రిపోర్ట్ చేయాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మా గ్రామ సంఘానికి అప్పజెప్పిన విషయం ఫేస్‌బుక్‌లో దొంగ ప్రొఫైల్ గురించి. ఫోన్‌లో జరిగే మోసాలు చాలా రకాలున్నాయి. అన్నీ చెప్పబోతే ఏదీ గుర్తుండదు. అందుకని మేము ఒక్కదాని గురించే చెప్తాం. మన పేరు, మన ఫోటో పెట్టి వేరేవాడెవడో ఒక ఖాతా తెరిచి, మనమే అన్నట్టు మనవాళ్ళతో మాట్లాడటం. దాన్ని ఎలా తీయించాలి, తీయించేముందు ఏం దాచుకోవాలి అన్నది మాత్రమే ఈ ప్రసంగం.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మన ఖాతా మనకు తెరుచుకోకుండా, పాస్‌వర్డ్ మారిపోయి ఉంటే అది హ్యాక్. మన ఖాతా మామూలుగానే తెరుచుకుంటూ, బయట మన పేరుతో ఇంకొకటి కనపడుతుంటే అది దొంగ ప్రొఫైల్. రెండోదానికి వాడికి మన పాస్‌వర్డ్ అక్కర్లేదు. మనం అందరికీ కనపడేలా పెట్టిన ఫోటో ఒకటి దింపుకుని, పేరు చూసి రాసుకుని, మన స్నేహితుల జాబితా చూసి ఒక్కొక్కరికీ రిక్వెస్ట్ పంపుతాడు. పది నిమిషాల పని. అందుకే చాలామంది చేసినట్టు కంగారుపడి పాస్‌వర్డ్ మార్చుకుంటే దొంగ ప్రొఫైల్ పోదు. అది వాడి ఖాతా, మనది కాదు కదా.

మా గ్రామ సంఘంలో జరిగిందే చెప్తాం. పేరు అక్కర్లేదు, ఆమె ఒప్పుకున్నాకే చెప్తున్నాం. ఆమె ఒక సంఘానికి రెండో లీడర్. పొదుపు డబ్బులు, అప్పు కంతులు బ్యాంకుకు తీసుకెళ్ళి కట్టేది ఎక్కువగా ఆమే. బ్యాంకు లింకేజీ వచ్చిన రోజు అందరితో దిగిన ఫోటో ఆమె ఫేస్‌బుక్‌లో పెట్టుకుంది. ఒక సోమవారం పొద్దున ఆ ఫోటోలోంచి ఆమె ముఖం ఒక్కటే కత్తిరించి, అదే పేరుతో కొత్త ప్రొఫైల్ ఒకటి వచ్చింది. మన సభ్యుల్లో చాలామందికి రిక్వెస్ట్ వెళ్ళింది. "పాతది పాడైందేమో, కొత్తది పెట్టిందేమో" అనుకుని ఒప్పుకున్నారు. మధ్యాహ్నానికి మెసేజ్‌లు మొదలయ్యాయి. "అక్కా, మా అబ్బాయి హాస్పిటల్లో ఉన్నాడు, అర్జెంటుగా 5,000 కావాలి, సాయంత్రానికి వేసేస్తా, ఈ నంబరుకు ఫోన్ పే చెయ్యండి" అని.

ఇద్దరు వేశారు. ఒకామె 3,000, ఇంకొకామె 2,000. సాయంత్రం ఆమె ఇంటికెళ్ళి "బాబుకెలా ఉంది" అని అడిగితేగానీ అసలు సంగతి బయటపడలేదు. బాబు వీధిలో ఆడుకుంటున్నాడు.

డబ్బు 5,000 పోయింది, అది ఒక సంగతి. అంతకంటే పెద్దది ఏంటంటే, మర్నాటికల్లా ఊళ్ళో ఒక మాట మొదలైంది. "ఆమే తీసుకుని, దొంగ ప్రొఫైల్ అని చెప్తోందేమో" అని. నలుగురి పొదుపు డబ్బు చేతిలో పెట్టుకుని తిరిగే మనిషి మీద ఆ మాట పడితే ఆమె లీడరుగా నిలబడగలదా? ఇంట్లో భర్త దగ్గర, అత్తగారి దగ్గర ఏమని చెప్పుకోగలదు? అందుకే రుజువులు దాచుకోవడం అంటే పోలీసుల కోసమే అనుకోవద్దు. మన వాళ్ళ ముందు మన మాట నిలబెట్టుకోవడానికి కూడా అవే కావాలి.

ఇప్పుడు వరుస చెప్తాం. ఈ వరుసే ముఖ్యం. మొదట డబ్బు, తర్వాత రుజువు, తర్వాత అందరికీ హెచ్చరిక, ఆ తర్వాతే రిపోర్ట్.

డబ్బు ఎందుకు మొదట అంటే, వాడి ఖాతాలోకి వెళ్ళిన డబ్బు అక్కడ ఎక్కువసేపు ఉండదు. ఇంకో ఖాతాకు, అక్కడినుంచి ఏటీఎంకు వెళ్ళిపోతుంది. అది కదలకముందే ఆపించాలి. దానికి 1930 నంబరు. దేశమంతా అదే నంబరు, కేంద్ర హోం శాఖ పెట్టింది. ఫోన్ చెయ్యాల్సింది ఎవరి ఖాతాలోంచి డబ్బు వెళ్ళిందో వాళ్ళు. ఎవరి పేరుతో ప్రొఫైల్ పెట్టారో ఆమె కాదు. మన దగ్గర చాలామందికి ఇక్కడే తికమక వస్తుంది. ఫోన్ చేసేటప్పుడు మన బ్యాంకు పేరు, ఎంత వెళ్ళింది, ఏ రోజు ఎన్ని గంటలకు, ఏ నంబరుకు లేదా ఏ యూపీఐ ఐడీకి వెళ్ళింది, లావాదేవీ నంబరు ఎంత అని అడుగుతారు. ఫోన్ పే, గూగుల్ పేలో ఆ చెల్లింపు మీద నొక్కితే UTR అని 12 అంకెల నంబరు కనపడుతుంది. అదే వాళ్ళకు కావాలి. వాళ్ళు మనకొక ఫిర్యాదు నంబరు ఇస్తారు. ఆ నంబరుతో అదే రోజు cybercrime.gov.in లో మిగతా వివరాలు పూర్తిచెయ్యాలి. చేతకాకపోతే వీఓఏ సాయం తీసుకోండి, మీసేవా సెంటరుకో సచివాలయానికో వెళ్ళండి. ఓటీపీ మాత్రం మీ ఫోన్‌కే వస్తుంది, ఎవరికి చెప్తున్నారో చూసుకుని చెప్పండి.

మా దగ్గర 3,000 వేసినామె అదే సాయంత్రం 1930కి చేసింది. ఆ డబ్బు అవతలి బ్యాంకులో ఆగింది. ఆగినంత మాత్రాన వెంటనే చేతికి రాలేదు. పోలీసు కాగితాలు, కోర్టు ఉత్తర్వు అన్నీ అయ్యేసరికి నెలలు పట్టింది. కానీ వచ్చింది. 2,000 వేసినామె ఇంట్లో తిడతారని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆమె చెప్పేటప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. ఇద్దరూ ఒకే నంబరుకు వేశారు. తేడా ఆ నాలుగు రోజులే.

ఇక రుజువు. ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి అక్కా. ప్రొఫైల్ తీయించేస్తే దాంతోపాటు రుజువు కూడా మనకు కనపడకుండా పోతుంది. అందుకే ముందు ఫోటోలు తీసుకోవాలి, తర్వాతే తీయించాలి. కంగారులో చాలామంది ముందు రిపోర్ట్ కొట్టేస్తారు, లేదంటే బ్లాక్ చేసేస్తారు. బ్లాక్ చేస్తే వాడు పోడు, మనకు మాత్రం కనపడకుండా పోతాడు. "ఎవడ్రా నువ్వు" అని వాడికి మెసేజ్ పెట్టడమూ వద్దు. వాడు వెంటనే పేరు మార్చుకుంటాడు, లేదా మనల్ని బ్లాక్ చేస్తాడు.

అసలు చాలాసార్లు వాడు మొదటి రోజే మనల్ని బ్లాక్ చేసి పెట్టుకుంటాడు. మన పేరుతో ఖాతా తెరిచినవాడికి మనం చూడకుండా ఉండటమే కదా కావాల్సింది. మా లీడరుకూ అలాగే అయింది. అందరి ఫోన్లలో కనపడుతోంది, ఆమె ఎంత వెతికినా కనపడదు. "నాకేం కనపడట్లేదే" అంటే, "చూశారా, ఏమీ లేదంట" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. మనవాళ్ళకు కనపడి మనకు కనపడకపోతే, బ్లాక్ చేశాడని అర్థం చేసుకోవాలి.

అంటే రుజువు ఉండేది మన ఫోన్‌లో కాదు. రిక్వెస్ట్ వచ్చిన వాళ్ళ ఫోన్లలో, మెసేజ్ వచ్చిన వాళ్ళ ఫోన్లలో. కాబట్టి ఆ సాయంత్రమే మేము ముగ్గురు సభ్యుల ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. నాలుగు రకాలు తీసుకున్నాం.

మొదటిది, ఆ ప్రొఫైల్ ముందు పేజీ స్క్రీన్‌షాట్. పేరు, ఫోటో, కింద ఉన్న ఊరు వివరాలు అన్నీ కనపడాలి. ఫోన్‌లో పైన టైమ్ కనపడేలా ఉంటే మంచిది. ఆ ఫోటో మీద నొక్కితే అది ఎప్పుడు పెట్టాడో తేదీ కనపడుతుంది, అది కూడా ఒక స్క్రీన్‌షాట్.

రెండోది, ఆ ప్రొఫైల్ లింకు. ఇది లేకపోతే మిగతా అంతా ఉన్నా పని నడవదు. ఎందుకంటే మన పేరుతో ఫేస్‌బుక్‌లో వందలమంది ఉంటారు. "నా పేరుతో దొంగ ఖాతా ఉంది" అంటే ఏదని వెతుకుతారు? స్క్రీన్‌షాట్‌లో లింకు కనపడదు. కనపడుతున్న వాళ్ళ ఫోన్‌లో ఆ ప్రొఫైల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, కిందికి వెళ్తే Copy link అని వస్తుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో మనకే మనం పంపుకోవాలి, ఒక కాగితం మీద కూడా రాసుకోవాలి. అది ఇలా ఉండొచ్చు:

```
facebook.com/profile.php?id=1000xxxxxxxxxxx
```

ఆ చివర ఉన్న అంకెలు ఆ ఖాతా సొంత నంబరు. వాడు రేపు పేరు మార్చినా, ఫోటో మార్చినా ఆ నంబరు మారదు. కొన్నిసార్లు అంకెల బదులు అక్షరాల పేరు వస్తుంది, కొన్నిసార్లు share అన్న మాటతో వస్తుంది. ఎలా వచ్చినా ఉన్నది ఉన్నట్టు దాచుకోండి.

మూడోది, మెసేజ్‌లు. డబ్బు అడిగిన మెసేజ్ ఒక్కటే కాదు, "బాగున్నారా అక్కా" అన్న దగ్గర్నుంచి వరుసగా, ఒకదాని చివరి లైను ఇంకొకదాని మొదట్లో కనపడేలా తియ్యాలి. మధ్యలో ముక్క పోతే మనమే ఏదో దాచామంటారు. తీసినాక అసలు మెసేజ్‌లు చెరిపెయ్యొద్దు, ఫోన్ రీసెట్ చెయ్యొద్దు. కేసు అయితే పోలీసులు ఆ ఫోన్‌లోనే చూస్తామంటారు. స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోలా పంపితే మసకబారుతాయి, డాక్యుమెంట్‌లా పంపండి.

నాలుగోది, డబ్బు వెళ్ళిన రసీదు. డబ్బు పంపాక ఫోన్ పేలో అవతలి వాళ్ళ బ్యాంకు పేరు కనపడుతుంది చూడండి, అదీ, UTR నంబరూ స్పష్టంగా ఉండాలి. మా లీడరును కాపాడింది ఈ రసీదే. అందులో ఉన్నది ఎవరో మగమనిషి పేరు, మన జిల్లాకు సంబంధం లేని పేరు. తర్వాతి వారం సంఘం మీటింగులో ఆ రసీదు ఫోటో అందరి ముందూ తిప్పి చూపించాం. లింకు నంబరు, తేదీలు, రెండు రసీదులు మినిట్స్ పుస్తకంలో రాసి అందరి సంతకాలు తీసుకున్నాం. ఆ తర్వాత ఊళ్ళో మాట ఆగింది.

వీటితోపాటు మన సొంత ఖాతాలోంచి ఒకటి కావాలి. అదే ఫోటో మనం ఎప్పుడో పెట్టినట్టు తేదీతో సహా ఒక స్క్రీన్‌షాట్. వాడి దగ్గర నిన్నటి తేదీ, మన దగ్గర ఏడాది కిందటి తేదీ. ఏది అసలు, ఏది నకలు అన్నది ఆ రెండూ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలుస్తుంది.

ఇదంతా అరగంట పని. అయ్యాక వెంటనే హెచ్చరిక పెట్టాలి. మన అసలు ఖాతాలో, సంఘం వాట్సాప్ గ్రూపులో. పొడుగ్గా వద్దు. "నా పేరుతో, నా ఫోటోతో ఫేస్‌బుక్‌లో ఇంకో ఖాతా ఉంది. అది నాది కాదు. డబ్బులు అడిగితే వెయ్యొద్దు. ఇప్పటికే వేసినవాళ్ళు 1930కి చేసి నాకూ చెప్పండి. వాడి మెసేజ్‌లు చెరపకండి" అని నాలుగు మాటలు చాలు. ఫోన్‌లో చూసుకోని వాళ్ళకు వాయిస్ మెసేజ్ పెట్టండి. మన సభ్యుల్లో చదవడం రాని పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకు గొంతు వింటేనే నమ్మకం.

ఇప్పుడు రిపోర్ట్. మా ఊళ్ళో కుర్రాళ్ళు ఏం చేశారంటే, విషయం తెలిసిన రాత్రే "అందరం కలిసి రిపోర్ట్ కొడదాం" అని పాతికమంది కొట్టారు. ఏదేదో నొక్కారు. ఒకడు స్పామ్ అని, ఒకడు బూతు అని. రెండు రోజులైనా ప్రొఫైల్ అలాగే ఉంది. రిపోర్టుల లెక్క చూసి ఖాతా తియ్యరు. ఎంతమంది కొట్టారన్నది కాదు, ఏ కారణం కింద కొట్టారన్నదే చూస్తారు. స్పామ్ అని కొడితే స్పామ్ ఉందా అనే చూస్తారు, లేదని వదిలేస్తారు. ఎవరి పేరు వాడారో ఆ మనిషి, సరైన కారణం కింద, ఒక్కసారి చేసినా చాలు.

ప్రొఫైల్ మనకు కనపడుతుంటే దారి ఇది. ఆ దొంగ ప్రొఫైల్ తెరవాలి. పేరు పక్కనో కిందో ఉన్న మూడు చుక్కలు నొక్కాలి. Report profile నొక్కాలి. కారణాల్లో Fake profile లాంటి మాట, లేదా వేరేవాళ్ళలా నటిస్తున్నారు అనే అర్థం వచ్చే మాట ఉంటుంది, అది నొక్కాలి. ఎవరిలా అని అడిగితే Me ఎంచుకోవాలి, అంటే నాలా అని. ఫోన్ తెలుగులో పెట్టుకున్నవాళ్ళకు ఇవే తెలుగులో వస్తాయి. యాప్ మారినప్పుడు మాటలు కాస్త మారతాయి, అర్థం చూసుకుని నొక్కండి. మనవాళ్ళు మన తరఫున చేసేటట్టయితే A friend ఎంచుకుని మన అసలు ఖాతాను చూపించాలి.

కనపడకపోతే, లేదా మనకు ఫేస్‌బుక్ ఖాతానే లేకపోతే ఇంకో దారి ఉంది. మనలో చాలామందికి ఖాతా లేదు, అయినా మన ఫోటోతో ఎవడో పెట్టొచ్చు. ఫేస్‌బుక్ సహాయ పేజీలో, అంటే Help Center లో, మనలా నటించే ఖాతా గురించి చెప్పడానికి ఒక ఫారం ఉంది. ఖాతా లేకపోయినా నింపొచ్చు. అందులో మన పేరు, మెయిల్ ఐడీ, దొంగ ప్రొఫైల్ లింకు ఇవ్వాలి, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డు పెట్టాలి. ఇందాక రాసుకున్న లింకు ఇక్కడే పనికొస్తుంది. మా లీడరుకు వాడు కనపడలేదు కాబట్టి ఈ ఫారమే నింపింది. మూడో రోజు ఆ ప్రొఫైల్ పోయింది.

కార్డు విషయంలో రెండు జాగ్రత్తలు. కార్డు మీద పేరు, దొంగ ప్రొఫైల్ మీద పేరు దగ్గరగా ఉండాలి. మనలో కొందరికి ఒక కార్డు మీద పుట్టింటి ఇంటిపేరు, ఇంకో కార్డు మీద అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. ఏది ప్రొఫైల్ మీద పేరుకు సరిపోతుందో అది పెట్టండి. రెండోది, ఆధార్ పెట్టేటట్టయితే మాస్క్‌డ్ ఆధార్ పెట్టండి. దాంట్లో చివరి నాలుగు అంకెలే కనపడతాయి. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లోనే దింపుకోవచ్చు. ఓటరు కార్డు ఉంటే అదింకా మేలు. "నేను తీయిస్తా, ఆధార్ పంపు, 500 ఇవ్వు" అని ఎవరైనా మెసేజ్ పెడితే నమ్మకండి. రిపోర్ట్ చెయ్యడానికి ఎక్కడా పైసా కట్టక్కర్లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లోనూ దాదాపు ఇంతే. అక్కడ ఒక తేడా ఉంది. మనలా నటించే ఖాతా మీద మనం గానీ, మన తరఫున మాట్లాడే హక్కున్నవాళ్ళు గానీ చెప్తేనే పట్టించుకుంటారు. పక్కింటివాళ్ళు ఎంతమంది చెప్పినా మనమే చెప్పాలి. చిన్నపిల్లల పేరుతో ఉంటే తల్లో తండ్రో చెప్పాలి.

రిపోర్ట్ చేశాక ఏమైందో ఖాతా ఉన్నవాళ్ళు Support Inbox లో చూసుకోవచ్చు. "ఇది మా నియమాలకు విరుద్ధం కాదు" అని కూడా ఒక్కోసారి జవాబు రావచ్చు. అక్కడితో ఆగిపోకండి. మళ్ళీ చూడమని అడిగే అవకాశం అక్కడే కనపడితే అది నొక్కండి. అదీ కాకపోతే గ్రీవెన్స్ ఆఫీసరు ఉంటారు. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి సంస్థా మన దేశంలో ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారిని పెట్టి, వివరాలు తన వెబ్‌సైట్‌లో చూపించాలి. వేరేవాళ్ళలా నటించడం గురించి, లేదా మార్చిన ఫోటోల గురించి బాధితురాలు గానీ, ఆమె తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే, తీసెయ్యడానికి ఆ నిబంధనల్లో ఉన్న గడువు 2 గంటలు. ఆ మాట మన ఫిర్యాదులో రాస్తే బలం ఉంటుంది. గ్రీవెన్స్ ఆఫీసరు జవాబు కూడా నచ్చకపోతే, ఆ జవాబు వచ్చిన 30 రోజుల్లోపు gac.gov.in లో అప్పీలు చేసుకోవచ్చు. అది ప్రభుత్వం పెట్టిన అప్పీలు కమిటీ.

ప్రొఫైల్ పోయింది, ఇక పోలీసులెందుకు అంటారు కొందరు. ప్రొఫైల్ తీసేస్తే ఆ పేజీ పోతుంది, చేసినవాడు ఎవడో తెలియదు. వాడు రేపు ఇంకోటి తెరుస్తాడు. ఏ ఫోన్ నంబరుతో తెరిచాడు, ఎక్కడినుంచి వాడాడు అన్నది కంపెనీని అడిగే అధికారం పోలీసులకే ఉంది. తీసేసిన ఖాతా వివరాలు సంస్థ 180 రోజులు దాచాలని అవే నిబంధనల్లో ఉంది. అంటే ఆరు నెలలు. ఆలస్యం చేస్తే అడగడానికి అక్కడ ఏమీ ఉండకపోవచ్చు. అందుకే తీయించిన వారంలోపే ఫిర్యాదు ఇవ్వండి.

ఫిర్యాదు cybercrime.gov.in లో ఇవ్వొచ్చు, పోలీస్ స్టేషన్‌లో చేతిరాతతో కూడా ఇవ్వొచ్చు. "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అంటే, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కింద తీసుకోవాలని అడగండి. ఇంకొకరిలా నటించి కంప్యూటరో ఫోనో వాడి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. సెక్షన్లు మనం రాయకపోయినా ఫరవాలేదు, జరిగింది సరిగ్గా రాస్తే చాలు. మా లీడరు రాసిన కాగితం ఇలా ఉంది, కావాలంటే దీన్నే చూసి రాసుకోండి.

"అయ్యా, నేను ఫలానా ఊరు, ఫలానా సంఘం సభ్యురాలిని. ఫలానా తేదీన నా పేరు, నా ఫోటోతో ఫేస్‌బుక్‌లో ఎవరో ఖాతా తెరిచారు. దాని లింకు ఇది. ఆ ఖాతా నాది కాదు. నా అసలు ఖాతా లింకు ఇది. ఆ ఖాతా నుంచి మా సభ్యులను డబ్బు అడిగారు. ఫలానా ఆమె ఇంత, ఫలానా ఆమె ఇంత, ఈ నంబరుకు, ఈ తేదీ ఈ టైముకు వేశారు. యూటీఆర్ నంబర్లు ఇవి. 1930 ఫిర్యాదు నంబరు ఇది. స్క్రీన్‌షాట్లు ఇన్ని జతచేశాను. మెసేజ్‌లు ఉన్న ఫోన్లు మా దగ్గరే ఉన్నాయి, అడిగితే చూపిస్తాం. విచారించి చర్య తీసుకోగలరు."

ఇందులో ఏడుపు లేదు, అనుమానం లేదు. "ఫలానావాడు చేశాడేమో" అని ఆధారం లేకుండా పేరు రాయకండి. ఊళ్ళో పాత గొడవలు ఇందులోకి తెస్తే అసలు ఫిర్యాదు పక్కకు పోతుంది. ఇచ్చినదానికి రసీదు తీసుకోండి, ఆన్‌లైన్ అయితే ఫిర్యాదు నంబరు రాసుకోండి.

దొంగ ప్రొఫైల్‌లో డబ్బు అడగడం కాకుండా మన ఫోటోను అసభ్యంగా మార్చి పెడితే, లేదా మన ఫోన్ నంబరు పెట్టి చెడ్డ రాతలు రాస్తే, cybercrime.gov.in లో మహిళలు, పిల్లల కోసం వేరే విభాగం ఉంది, అక్కడ చెప్పండి. అలాంటప్పుడు రుజువు తీసుకునేది మనం నమ్మే ఒక్క మనిషే అయితే చాలు. ఆ స్క్రీన్‌షాట్లు ఏ గ్రూపులోనూ తిప్పొద్దు. సాయం చేస్తున్నామనుకుంటూ పదిమందికి పంపితే వాడి పని మనమే చేసినట్టు అవుతుంది.

చివరగా, మళ్ళీ రాకుండా రెండు పనులు. ఇవి వాణ్ణి పూర్తిగా ఆపలేవు, పని కష్టం చేస్తాయి. ఒకటి, మన స్నేహితుల జాబితా దాచడం. వాడికి ఆ జాబితా కనపడకపోతే ఎవరిని అడగాలో తెలియదు. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో Who can see your friends list? అన్న చోట Only me అని పెట్టాలి. రెండోది, మన ప్రొఫైల్ తెరిచి మూడు చుక్కలు నొక్కితే Lock profile అని ఉంటుంది. అది పెడితే స్నేహితులు కానివాళ్ళకు మన ఫోటోలు పెద్దగా కనపడవు. కానీ మన సంఘం ఫోటో ఇంకో సభ్యురాలు ఆమె ఖాతాలో అందరికీ కనపడేలా పెడితే, మన తాళం దానికి పడదు. అందుకని సంఘం ఫోటోలు పెట్టే వాళ్ళందరూ Friends అని ఎంచుకుని పెట్టండి.

ఈ సంఘటన తర్వాత మా గ్రామ సంఘం ఒక తీర్మానం చేసుకుంది. అది మీ ముందు పెడుతున్నాం, నచ్చితే మీ సంఘాల్లోనూ రాసుకోండి. పొదుపు గానీ, కంతు గానీ, చేబదులు గానీ, మెసేజ్ చూసి ఎవరూ ఎవరికీ వెయ్యకూడదు. ఎప్పటినుంచో మన దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని, అప్పుడే వెయ్యాలి. ఏ లీడరు పేరుతోనైనా దొంగ ప్రొఫైల్ వస్తే, లింకు, తేదీ, రసీదులు అదే వారం మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. డబ్బు వేసి మోసపోయినామెను మీటింగులో ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. ఎందుకంటే ఆమె భయపడి నాలుగు రోజులు నోరు విప్పకపోతే, ఆ 2,000 లాగే ఇంకొకరివీ పోతాయి.

లింకు కాపీ చెయ్యడం, స్క్రీన్‌షాట్ తియ్యడం రానివాళ్ళు భోజనాల తర్వాత మా వీఓఏ దగ్గరకు రండి. మీ ఫోన్‌లోనే చేయించి పంపుతాం.